400 లైన్లు సరిపోయాయి, 8 చలాన్లు మాత్రం కనబడవు

ప్రశ్న: తిరుపతిలో పైపులు, బోరు సామాన్లు అమ్మే హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. బోర్లు వేసేవాళ్లకు ముందు డెలివరీ చలాన్ మీద సరుకు పంపి, ఎన్ని పైపులు దిగాయో తేలాక మిగిలినవి వెనక్కి తీసుకుని బిల్లు వేస్తాము. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 2001 నుంచి 2400 వరకు చలాన్లు వెళ్లాయి. నా షీట్‌లో కూడా సరిగ్గా 400 లైన్లే ఉన్నాయి. అయినా ఆడిటర్ గారు 2137, 2264 చూపించమంటే దొరకలేదు. గోదాంలో చలాన్లు రాసే పెద్దాయనను నేను మామా అని పిలుస్తాను, ఎన్నో ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు యజమానికి ఆయన మీద అనుమానం. లేని నంబర్లన్నీ రాసి సంతకం పెట్టి ఇమ్మంటున్నారు. యజమాని గారి అబ్బాయేమో "రద్దు అని ఎక్కించి వదిలెయ్" అంటున్నాడు. జూలై ఆఖరు దాకా ఎంట్రీలు నాకు ముందున్న అబ్బాయి చేశాడు, ఆ తర్వాతవి నావి. చిత్తూరు బ్రాంచికి వేరే చలాన్ పుస్తకం ఉంది. షీట్ జతచేస్తున్నాను. సంతకం పెట్టాలా, వద్దా? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: సంతకం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితం మీద ఏయే నంబర్లు ఉండాలో తేలాలి. మీరు పంపిన షీట్ పూర్తిగా చూశాను. ఆడిటర్ గారు అడిగినవి రెండే అయినా, అందులో లేని చలాన్ నంబర్లు ఎనిమిది. వాటిలో కనీసం రెండింటికి గోదాంతో ఏ సంబంధమూ లేదని ఆ షీట్ చూస్తేనే తెలుస్తుంది. ఈ సంగతి తేలకముందే మీరు సంతకం పెట్టి ఇస్తే, మీ కాగితం ఆ పెద్దాయన మీద ఫిర్యాదుగా మారిపోయేది.

400 నంబర్లకు 400 లైన్లు ఉన్నాయి కదా, ఇక లోటు ఎక్కడిది అన్న ధీమా చాలా దుకాణాల్లో కనిపిస్తుంది. చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసేసి ఒకటి కలిపితే ఉండవలసిన చలాన్లెన్నో వస్తుంది. అందులోంచి లైన్ల సంఖ్య తీసేస్తే మిగిలేది లోటు అని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ మిగిలేది లోటు కాదు, లేని నంబర్లలోంచి అదనంగా పడిన లైన్లను తీసివేయగా వచ్చే తేడా. మీ షీట్‌లో లేనివి ఎనిమిది, రెండోసారో మూడోసారో పడిన అదనపు లైన్లు కూడా ఎనిమిదే. ఒకదాన్నొకటి మింగేయడంతో తేడా సున్నా వచ్చింది. అందుకే లేని నంబర్లను, మళ్లీ వచ్చిన నంబర్లను ఎప్పుడూ విడివిడిగా లెక్కపెట్టాలి. ఒకటి తెలిసింది కదా అని రెండోది వదిలేయకూడదు.

ఫార్ములాల జోలికి వెళ్లే ముందు కంప్యూటర్ చెప్పలేని విషయం ఒకటి తేల్చుకోవాలి. వరుస ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అన్నది షీట్‌లోని అతి చిన్న నంబరు, అతి పెద్ద నంబరు చూసి నిర్ణయించకూడదు. మధ్యలో పోయిన కాగితం ఖాళీగా కనిపిస్తుంది కానీ, చివర్లో పోయిన కాగితం అసలు కనిపించదు. మీ చలాన్ పుస్తకాలు 50 నంబర్లవి కాబట్టి 2400 దగ్గర ఎనిమిదో పుస్తకం పూర్తయింది. సెప్టెంబర్ 30వ తేదీన సరిగ్గా పుస్తకం చివరి కాగితం దగ్గరే ఆగడం జరగకూడనిదేమీ కాదు గానీ, నాకైతే కొంచెం అనుమానంగానే ఉంది. 2401తో మొదలయ్యే పుస్తకం గోదాంకు ఏ తేదీన ఇచ్చారో, దాని మొదటి చలాన్ ఏ తేదీదో కళ్లతో చూడండి. అది అక్టోబర్‌దైతే మీ హద్దులు సరైనవే. సెప్టెంబర్‌దైతే మీ జాబితాలో ఇంకా కొన్ని చేరతాయి. ప్రెస్సు నుంచి ఏయే నంబర్ల పుస్తకాలు వచ్చాయి, ఎవరికి ఎప్పుడు ఇచ్చారు అని రాసే చిన్న రిజిస్టర్ మీ దుకాణంలో ఉంటే ఈ పని నిమిషంలో అయిపోతుంది. లేకపోతే ప్రెస్సు వాళ్ల బిల్లులో నంబర్ల వివరం ఉంటుందేమో వెతకండి.

ఇక షీట్ సంగతి. చలాన్ నంబర్లు A కాలమ్‌లో ఉన్నాయనుకుందాం. కొన్ని నంబర్లుగా, కొన్ని అక్షరాలుగా పడ్డాయి, కొన్నింటి వెనక ఖాళీ స్పేస్ ఉంది, కొన్నింటి ముందు DC/ ఉంది. ఇవి మన కంటికి ఒకేలా కనిపించినా, సార్ట్ చేస్తే నంబర్లన్నీ ఒకవైపు, అక్షరాలుగా పడినవన్నీ అడుగున చేరతాయి. అప్పుడు లేని ఖాళీలు కూడా ఉన్నట్టే కనిపిస్తాయి. అందుకని A కాలమ్‌ను ముట్టుకోకుండా, B కాలమ్‌లో చివరి నాలుగు అంకెలను నంబరుగా తీసుకోండి:

```
=VALUE(RIGHT(TRIM(A2),4))
```

దీన్ని B401 దాకా లాగండి. ఎక్కడైనా #VALUE! అని వస్తే అక్కడ అంకెల మధ్య అంకె కానిదేదో చొరబడిందని అర్థం. సున్నాకు బదులు ఇంగ్లీషు O అక్షరం కొట్టడమే ఎక్కువగా జరుగుతుంది. అలాంటి లైన్లను కాగితం చూసి సరిచేశాకే ముందుకు వెళ్లాలి, ఎందుకంటే ఆ లైన్లు తర్వాతి లెక్కల్లోకి రావు.

ఆ తర్వాత చాలామంది పక్కపక్క నంబర్ల తేడా తీస్తారు. అదీ పనికొస్తుంది గానీ, మీకు అంతకంటే నమ్మదగిన పద్ధతి చెబుతాను. E కాలమ్‌లో E2 నుంచి E401 దాకా 2001 మొదలుకొని 2400 వరకు ఉండవలసిన నంబర్లన్నీ మీరే నింపండి. షీట్‌లో ఏముందో చూడకుండా, పుస్తకాలు చూసి మీరు తేల్చుకున్న హద్దుల ప్రకారం నింపాలి. దాని పక్కన F2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=COUNTIF($B$2:$B$401,E2)
```

సున్నా వచ్చిన నంబరు షీట్‌లో లేదు. ఒకటి వస్తే సరే. రెండు, మూడు వస్తే ఆ నంబరు అన్నిసార్లు పడింది. లేనివీ, మళ్లీ వచ్చినవీ ఒకే కాలమ్‌లో బయటపడతాయి. ఫిల్టర్ పెట్టి ముందు సున్నాలను, తర్వాత ఒకటి కంటే పెద్దవాటిని విడివిడిగా రాసుకోవచ్చు. ఇది ఏ పాత ఎక్సెల్‌లోనైనా పనిచేస్తుంది. ఇంకొక్క తనిఖీ మాత్రం మరవకండి. F కాలమ్ మొత్తం కూడితే మీ లైన్ల సంఖ్య రావాలి:

```
=SUM(F2:F401)
```

ఇక్కడ 400 వచ్చింది కాబట్టి ప్రతి లైనూ ఏదో ఒక నంబరు కింద చేరింది. 399 వచ్చి ఉంటే, ఒక లైను మీ హద్దుల బయట పడిందని, అంటే ఎవరో 2237కు బదులు 3237 వంటిదేదో కొట్టారని తెలిసేది.

మీ షీట్‌లో సున్నా వచ్చిన నంబర్లు 2048, 2137, 2264, ఆపైన 2291 నుంచి 2295 దాకా వరుసగా ఐదు. రెండుసార్లు వచ్చినవి 2173, 2246, 2351, 2368. మూడేసిసార్లు వచ్చినవి 2112, 2330. నాలుగింటికి ఒక్కో అదనపు లైను, రెండింటికి రెండేసి, మొత్తం ఎనిమిది.

ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. 2137 లేదు, 2173 రెండుసార్లు ఉంది. 2264 లేదు, 2246 రెండుసార్లు ఉంది. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. త్వరత్వరగా కొట్టేవారి చేతుల్లో అతి మామూలుగా జరిగే తప్పు ఇది. ఇలా జరిగిన ప్రతిసారీ ఒక నంబరు మాయమవుతుంది, ఇంకొక నంబరు రెండవుతుంది, మొత్తం మాత్రం చెక్కుచెదరదు. ఖాళీల జాబితా ఒక్కటే చూసేవారికి ఇది దొంగతనంలా కనిపిస్తుంది, డూప్లికేట్ల జాబితా ఒక్కటే చూసేవారికి రెండుసార్లు బిల్లు వేసినట్టు కనిపిస్తుంది.

అంకెలు పోలినంత మాత్రాన నిర్ధారణ కాదు కాబట్టి తేదీలతో సరిచూశాను. చలాన్లు ఒకే పుస్తకంలోంచి వరుసగా చిరుగుతాయి, కనుక నంబరు పెరిగేకొద్దీ తేదీ ముందుకు పోవాలే గానీ వెనక్కి రాకూడదు. మీ షీట్‌ను ముందు B కాలమ్ ప్రకారం, ఆ తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేస్తే, 2173 కింద ఒక లైను జూన్ 14వ తేదీది, ఇంకొకటి జూన్ 27వ తేదీది అని కనబడుతుంది. 2172, 2174 రెండూ జూన్ 27వే. మరి జూన్ 14న వెళ్లినవి ఏవి అని చూస్తే 2136, 2138. అంటే జూన్ 14 లైను 2137 చలాన్‌దే అయి ఉండాలి. అలాగే 2246 పేరుతో ఉన్న రెండు లైన్లలో ఒకటి జూలై 19వ తేదీది, తన చుట్టుపక్కల నంబర్లతో కలిసింది. రెండోది జూలై 24ది. 2263 కూడా జూలై 24దే, 2265 మరుసటి రోజుది. కాబట్టి రెండో లైను 2264 అయి ఉండాలి. ఆడిటర్ గారు అడిగిన రెండు చలాన్లూ మీ దగ్గరే ఉన్నాయి, వేరే నంబర్ల కింద దాక్కున్నాయి, అంతే. పుస్తకంలో మిగిలిన కాపీ తీసి పార్టీ పేరు, పైపుల సంఖ్య పోల్చి చూశాకే ఖాయం చేయండి. తేదీలు దారి చూపుతాయి తప్ప సాక్ష్యం కావు.

మూడేసిసార్లు వచ్చినవాటి గురించి భయపడనక్కరలేదు. 2112 కింద మూడు లైన్లలో పార్టీ ఒకటే, తేదీ ఒకటే, సరుకు మాత్రం కేసింగ్ పైపు, మోటారు, కేబుల్ అని మూడు రకాలు. 2330 కూడా అంతే. ఒక్కో సరుకును ఒక్కో లైనుగా ఎక్కించారు. ఇది తప్పు కాదు, కాకపోతే మిగతా చలాన్లను లైనుకు ఒకటిగా ఎక్కించి వీటిని మాత్రం ఇలా ఎక్కించడంతో లెక్క చెదిరింది. 2351 మాత్రం వేరు. పార్టీ, తేదీ, సరుకు, సంఖ్య నాలుగూ ఒకటే, ఒకే కాగితాన్ని రెండుసార్లు ఎక్కించారు. దాని మీద బిల్లు కూడా రెండుసార్లు పడిందేమో వెంటనే చూడండి. పడి ఉంటే ఆ పార్టీ ఖాతాలో లేని బాకీ చేరుతుంది, పన్నూ రెండుసార్లు చూపినట్టవుతుంది. అప్పుడు క్రెడిట్ నోటు వేయవలసి వస్తుంది.

2368 దగ్గర రెండు లైన్ల తేదీ దాదాపు ఒకటే, పార్టీలు మాత్రం వేరు. ఒకరు రేణిగుంట వైపు, రెండోవారు బంగారుపాళ్యం. దీనికి జతగా లేని నంబరు ఏదీ మీ జాబితాలో లేదు. బంగారుపాళ్యానికి సరుకు మీ తిరుపతి గోదాం నుంచి కాక చిత్తూరు బ్రాంచి నుంచే వెళ్తుంది అనుకుంటే, ఆ లైను చిత్తూరు పుస్తకంలోని 2368 అయి ఉండవచ్చు. రెండు చోట్లా వేర్వేరు వరుసలు పెట్టుకోవడానికి జీఎస్టీ నిబంధనలు ఒప్పుకుంటాయి. వరుస నంబరు 16 అక్షరాలు దాటకూడదు, అందులో అక్షరాలు, గీత, స్లాష్ వాడవచ్చు. అందుకనే పుస్తకాల మీద ఊరి గుర్తు కూడా అచ్చు వేయిస్తారు. ఎంట్రీ చేసేటప్పుడు ఆ గుర్తు వదిలేసి ఒట్టి నంబరు కొడితే రెండు ఊళ్ల చలాన్లు ఒకటైపోతాయి. నేనిచ్చిన ఫార్ములా కూడా చివరి నాలుగంకెలే తీస్తుంది కాబట్టి, రెండు వరుసలను ఒకే షీట్‌లో కలిపి దాన్ని వాడకండి. చిత్తూరు వరుసకు ఇదే పని విడిగా చేస్తే అక్కడ 2368 ఖాళీగా కనిపించాలి. కనిపిస్తే ఈ ముడి విడిపోయినట్టే. కనిపించకపోతే మీ ఎనిమిదో పుస్తకం తెరిచి, ప్రెస్సులో నంబరు వేసే యంత్రం ఒకచోట ఆగిపోయి ఒకే నంబరును రెండు సెట్లకు అచ్చువేసిందేమో చూడండి. అలా కూడా జరుగుతుంది.

ఇక మిగిలినవి 2048, 2291 నుంచి 2295. మొత్తం ఆరు. వీటికి జతలు లేవు, షీట్‌లో ఇక వెతకడానికీ ఏమీ లేదు. పుస్తకాలే తెరవాలి. నిబంధన ప్రకారం చలాన్ మూడు కాపీలు ఉంటుంది. మొదటిది సరుకు తీసుకునేవారికి, రెండోది రవాణా చేసేవారికి, మూడోది మీ పుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ నంబరు దగ్గర ఎన్ని కాపీలు మిగిలాయన్నదే అసలు కథ చెబుతుంది. మూడు కాపీలూ గీత కొట్టి పుస్తకంలోనే ఉంటే అది నిజంగా రద్దయిన చలాన్, ఎంట్రీ చేసేవారు వదిలేశారు. మూడూ ఏమీ రాయకుండా ఖాళీగా ఉంటే రెండు కాగితాలు అతుక్కుని దాటిపోయి ఉండవచ్చు. మూడో కాపీ ఒక్కటే ఉంటే సరుకు బయటికి వెళ్లింది, లెక్కలోకి రాలేదు. మూడూ లేకపోతే అది నిజంగా జవాబు చెప్పవలసిన ఖాళీ.

2048 ఒంటరి నంబరు కాబట్టి రద్దు కాగితమే అయి ఉండవచ్చునని నా ఊహ. ఐదు వరుసగా పోవడం మాత్రం వేరే రకం. ఒకే చోట వరుసగా ఐదు పోయాయంటే ఐదు వేర్వేరు పొరపాట్లు జరిగి ఉండవు. షీట్‌లో 2290 ఆగస్టు 5వ తేదీది, 2296 ఆగస్టు 8వ తేదీది. మధ్యలో రెండు రోజులు ఒక్క ఎంట్రీ కూడా లేదు. గోదాం ఆ రెండు రోజులూ మూసి లేదంటే, ఆ కట్ట మీ బల్ల మీదికి రాలేదు, లేదా వచ్చి ఎక్కలేదు. ఆగస్టు ఎంట్రీలు మీవి. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు కానీ, ముందుగా మీ బల్ల సొరుగు, ఫైళ్ల మధ్య వెతకండి. అక్కడ దొరక్కపోతే ఆ రెండు రోజుల గేటు రిజిస్టర్, లారీ, ఆటో బాడుగ వోచర్లు చూడండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి ఈ-వే బిల్లు తీసి ఉంటే అందులో చలాన్ నంబరు తప్పకుండా ఉంటుంది. 2291 నుంచి 2295లో ఏ ఒక్క నంబరు అక్కడ కనిపించినా, ఆ చలాన్ రాసి సరుకు పంపారన్నది రుజువైనట్టే. అప్పుడు పార్టీని అడిగి వారి దగ్గరున్న మొదటి కాపీ తెప్పించుకోవచ్చు.

ఇప్పుడు యజమానికి ఇచ్చే కాగితం. లేని నంబర్లను ఒకదాని కింద ఒకటి రాసి ఇవ్వడం కంటే, ఖాళీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్ని, చుట్టుపక్కల తేదీలేమిటి, ఇంతవరకు ఏం తేలింది అని రాస్తే చదివేవారికి ఊహించుకునే అవకాశం తగ్గుతుంది. ఈ రోజు ఉన్న స్థితి ఇలా ఉంటుంది:

| నుంచి – వరకు | ఎన్ని | చుట్టుపక్కల తేదీలు | స్థితి |
|---|---|---|---|
| 2048 | 1 | పుస్తకం చూసి రాయాలి | కాపీలు చూడాలి |
| 2137 | 1 | జూన్ 14 | 2173గా ఎక్కింది, కాపీతో పోల్చాలి |
| 2264 | 1 | జూలై 24, 25 | 2246గా ఎక్కింది, కాపీతో పోల్చాలి |
| 2291 – 2295 | 5 | ఆగస్టు 5 – 8 | కట్ట వెతకాలి, గేటు రిజిస్టర్ చూడాలి |

మళ్లీ వచ్చిన ఆరు నంబర్లకూ ఇలాంటిదే ఇంకొక పట్టిక కింద ఉండాలి. పుస్తకాలు చూశాక స్థితి కాలమ్‌లో "రద్దు, మూడు కాపీలూ ఉన్నాయి", "ఎంట్రీ తప్పు, సరిచేశాము", "సరుకు వెళ్లింది, బిల్లు వేయలేదు", "దొరకలేదు" అన్న నాలుగు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. "దొరకలేదు" అని రాసినంత మాత్రాన ఎవరో తీశారని మీరు చెప్పినట్టు కాదు. సరిచేసేటప్పుడు A కాలమ్‌లోని పాత నంబరును చెరిపేయకండి, పక్క కాలమ్‌లో సరైన నంబరు, తేదీ, మీ పొడి అక్షరాలు రాయండి. కాగితపు లెక్కల్లో తప్పును చెరపకుండా కొట్టివేసి సంతకం చేయాలనీ, కంప్యూటర్ లెక్కల్లో మార్చిన, తీసేసిన ప్రతి ఎంట్రీకీ జాడ ఉండాలనీ జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది.

మీ ముందున్న దారులు మూడు. మొదటిది అబ్బాయి గారు చెప్పినది. ఎనిమిదింటినీ రద్దు అని ఎక్కిస్తే ఈ సాయంత్రానికే షీట్ నిండుతుంది. కానీ జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక ఉంది. ఆ కాలంలో ఇచ్చిన పత్రాలు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, మొత్తం ఎన్ని, అందులో రద్దయినవి ఎన్ని, నికరంగా ఎన్ని అని అందులో చెప్పాలి. మీలా ముందు సరుకు పంపి, ఎంత ఉంచుకున్నారో తేలాక బిల్లు వేసే పద్ధతిని అప్రూవల్ మీద పంపడం అంటారు, అలాంటి చలాన్లకు అక్కడ విడిగా లైను ఉంది. రద్దు అని చూపిన 2137 మొదటి కాపీ రేపు ఏ బోరు కాంట్రాక్టరు దగ్గరో సంతకంతో సహా బయటపడితే, అది పొరపాటు అనిపించుకోదు, తెలిసి రాసిన అబద్ధం అవుతుంది. ఆ ఎంట్రీ మీ లాగిన్ పేరుతో ఉంటుంది. పైగా 2137, 2264 సరుకులు 2173, 2246 పేర్లతో షీట్‌లోనే ఉన్నాయి కాబట్టి, అవి రద్దు అని చెప్పడం మీ షీట్‌కే విరుద్ధం. ఈ దారి వద్దని గట్టిగా చెబుతాను.

రెండోది, ఎనిమిది నంబర్లనూ ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టి వెంటనే యజమానికి ఇచ్చేయడం. మీ మీద ఆలస్యం చేశారన్న మాట రాదు, దాచారన్న మాటా రాదు. అయితే ఆయనకు ఇప్పటికే అనుమానం ఉంది. ఎంట్రీ తప్పులు కూడా ఉన్న కాగితాన్ని ఆయన గోదాం తప్పుల జాబితాగా చదువుతారు. ఆ పెద్దాయన పని పోయాక 2137 షీట్‌లోనే దొరికితే, ఆ సంతకం మీకే భారమవుతుంది.

మూడోది, ముందు గోదాం పెద్దాయనతో కలిసి పుస్తకాలు చూసి, పైన చెప్పినట్టు స్థితులన్నీ నింపాక ఇవ్వడం. ఇందులో న్యాయం ఎక్కువ, మీకు చిక్కూ ఎక్కువే. ముందే హెచ్చరించి, కాగితాలు సర్దుకోవడానికి సమయం ఇచ్చారని రేపు ఎవరైనా అనవచ్చు. ఆ మాటకు చోటివ్వకూడదంటే క్రమం మార్చాలి. ఆయనతో మాట్లాడకముందే ఎనిమిది పుస్తకాలనూ యజమాని సమక్షంలో, ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలతో మీ స్వాధీనంలోకి తీసుకోండి. లేని నంబర్ల చోట్లు, వాటి ముందు వెనకల కాపీలు ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఆ తర్వాత యజమాని గానీ, ఇంకెవరైనా గానీ పక్కన ఉండగా, "మామా, ఆగస్టు ఆరు, ఏడు తేదీల్లో ఏ బండి వెళ్లింది?" అని ఆయనను అడగండి. నిందలా వినిపించని ప్రశ్న అది, నిజంగా జవాబు కావలసిన ప్రశ్న కూడా. ఎన్నో ఏళ్లుగా బండ్లు ఎక్కించిన మనిషికి ఏ బోరుకు ఎన్ని పైపులు వెళ్లాయో మీ షీట్ కంటే బాగా గుర్తుండవచ్చు.

నా మొగ్గు మూడోదాని వైపే. కానీ ఆడిటర్ గారి గడువు రేపే అయితే, లేదా యజమాని ఒక్క రోజు కూడా ఆగే మనిషి కాకపోతే, రెండోదానికీ మూడోదానికీ మధ్యగా ఇంకొక మార్గం ఉంది. పై పట్టికను, స్థితి కాలమ్‌తో సహా, "ఈ తేదీ నాటికి షీట్‌లో కనబడనివి, కాపీలతో పోల్చడం మిగిలి ఉంది" అని పైన రాసి సంతకం పెట్టి ఇవ్వండి. అప్పుడు మీరు సంతకం పెట్టేది మీరు చూసిన దానికే అవుతుంది. ఏమీ రాయని చోట సంతకం పెట్టమని అడిగితే మాత్రం ఒప్పుకోకండి. ఆడిటర్ గారికి అయితే 2137, 2264 సమాధానం ఈరోజే చెప్పేయవచ్చు, కాపీలు జతచేసి.

2291 నుంచి 2295 విషయంలో ఇంకొక గడువు కూడా ఉంది, దాన్ని యజమానికి నోటితో కాక రాసి చెప్పండి. అప్రూవల్ మీద పంపిన సరుకుకు, కొనుగోలు ఖాయమైనప్పుడు గానీ, పంపిన నాటి నుంచి ఆరు నెలల్లోగా గానీ, ఏది ముందైతే అప్పటికి బిల్లు వేయాలి. ఆ ఐదూ ఆగస్టు 5, 8 తేదీల మధ్య వెళ్లి ఉంటే, పైపులు వెనక్కి వచ్చినట్టు రుజువు లేనంతవరకు, ఫిబ్రవరి 5వ తేదీ లోపలే పార్టీ ఎవరో తేల్చుకుని బిల్లు వేయవలసి ఉంటుంది.